కువైట్ ధర

"మా ధర అందరికీ ఒకటే." ఈ మాటను ఫేబీ రోజుకు పాతికసార్లయినా పంపేది. టైపు చేసే శ్రమ కూడా లేదు. అంగడి ఫోన్‌లో ముందే రాసిపెట్టుకున్న జవాబుల్లో అది మొదటిది. ఎవరైనా ధర గురించి నసిగితే చాలు, వేలితో ఒక్క నొక్కు. అది అబద్ధమని ఆమెకు తెలియదు. తెలియక చేసిన దానికి ఏం చేస్తామని ఎవరైనా సర్దిచెప్పవచ్చు. ఆ మంగళవారం తర్వాత ఫేబీ మాత్రం తనకు తాను అలా సర్దిచెప్పుకోలేకపోయింది.

ఇందుకూరుపేట సెంటర్లో మందుల షాపు మీది మేడలో ఉంది ఆ అంగడి. అంగడంటే కొనేవాళ్లు వచ్చిపోయే చోటు కాదు. ముందు గదిలో ఒక కంప్యూటరు, వెనక గదిలో సరుకూ, అట్టపెట్టెలూ, టేపు చుట్టలూ, అంతే. పేరు 'మీ గడప'. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన ప్రాంతపు ఆడవాళ్లు, అమెరికాలో ఉన్న కొద్దిమంది, తమ ఫోన్లలోనే సరుకు ఎంచుకుని అక్కడినుంచే డబ్బు కడతారు. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఏ ఊళ్లో ఏ ఇంటికైనా రెండు రోజుల్లో ఆ సరుకు చేరుతుంది. యజమాని జయకుమార్. ఫేబీ అక్కడ నాలుగేళ్లుగా చేస్తోంది. వెబ్‌సైటును తీర్చిదిద్దింది ఆమే, ఫోటోలు ఎక్కించింది ఆమే, రోజూ ఆర్డర్లు చూసి పార్శిళ్లు కట్టించేదీ ఆమే.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు మెట్లెక్కి ఇద్దరు వచ్చారు. ముందు వచ్చినవాడు ముప్పై అయిదేళ్లవాడు, కృష్ణపట్నంలో కంపెనీ బండి తోలేవాడని చొక్కా జేబు మీది బొమ్మే చెబుతోంది. వెనక ఆయాసపడుతూ అతని తల్లి.

"నా పేరు వినోద్ మేడమ్. ఈమె మా అమ్మ, నాగులమ్మ," అన్నాడు. "ఒక కాగితం కావాల. మీ అంగడి పేరుండే కాగితం మీద ధరలు రాసి, సీలేసి ఇయ్యాల."

"దేని ధరలన్నా?"

అతను జేబులోంచి మడతపెట్టిన చీటీ తీశాడు. బడి బ్యాగు ఆరువందల ఇరవై. బూట్లు ఎనిమిదివందల తొంభై. పాలపొడి మూడువందల పది. నోటుపుస్తకాల కట్ట మూడువందలు. మొత్తం రెండువేల నూట ఇరవై. కింద గీత కూడా గీశాడు.

"ఇవి మీ సైటులో ఉండే ధరలే గదా?"

"అవును."

"నా భార్య రోజారమణి కువైట్‌లో ఉండాది. ఎనిమిది నెలల్నించి పాపకు మీ దగ్గర్నుంచే నెలనెలా సరుకు పంపిస్తా ఉండాది. పోయిన నెల ఈ నాలుగూ పంపినందుకు మూడువేల నూట ఇరవై అయిందని చెప్పింది. మీ సైటేమో రెండువేల నూట ఇరవై అంటా ఉండాది. ఆ వెయ్యి యాడికి పోయినట్టు?"

నాగులమ్మ అందుకుంది. "యాడికి పోతాయి అమ్మాయ్, గూడూరులో వాళ్లమ్మ ఇంటికి పోతాయి. మాకు ఒక పెట్టె, వాళ్లకు ఇంకో పెట్టె. బిల్లు మాత్రం అంతా మా పాప పేరు మీదే."

సంగతి ఇదీ. కోడలు దొంగలెక్క చెబుతోందని అత్త మొదలుపెట్టింది. కొడుకు సైటు తెరిచి ఎనిమిది నెలల సరుకూ కూడి చూసుకున్నాడు. ప్రతి నెలా తేడా. రోజారమణి తన బ్యాంకు మెసేజీ ఫోటో తీసి పంపితే, ఫోన్లో ఏమైనా చెయ్యొచ్చు అన్నారు. ఎల్లుండి వాళ్ల ఊళ్లో సముద్రం మీదికి చేపల వేటకు పోని రోజు, పెద్దలు కూర్చుంటారు. అక్కడ ఈ కాగితం పెట్టి, అబద్ధాలాడే మనిషి మాకొద్దని తేల్చుకోవడం వాళ్ల ఉద్దేశం. అప్పటిదాకా తల్లీబిడ్డలు మాట్లాడుకోవడానికి వీల్లేదని మూడు వారాలుగా ఫోన్ కూడా బంద్ చేశారు. పాప పేరు కామాక్షి. ఏడేళ్లు.

"ఏడేళ్ల పిల్లకి వాళ్లమ్మతో మాట ఆపేసినారా?" అని ఫేబీ అడగకుండా ఉండలేకపోయింది.

"దొంగబుద్ధులు నేర్పిస్తాదని," అంది నాగులమ్మ, నిమ్మళంగా.

ఫేబీకి చిరాకేసింది గానీ, నిజం చెప్పాలంటే ఆ చిరాకులో సగం రోజారమణి మీద కూడా వెళ్లింది. బ్యాగు తమ దగ్గర ఆరువందల ఇరవై. అది తనకు తెలుసు. మరి ఆ అమ్మాయి వెయ్యి ఎక్కువ ఎందుకు చెప్పినట్టు? పుట్టింటికి పంపుకోవడం తప్పు కాదు, అది చెప్పుకోలేకపోవడం ఏం ఖర్మో అనుకుంది.

"ఊరికే రాలేదు మేడమ్," అని వినోద్ తన ఫోన్ ముందుకు తోశాడు. "మిమ్మల్ని ముందే అడిగినాను. మీరే చెప్పినారు."

చూస్తే మూడు వారాల కిందటి మెసేజీ. 'కువైట్ నుంచి కొంటే ధర ఎక్కువుంటదా?' అని అతను అడిగాడు. కింద ఫేబీ జవాబు. మా ధర అందరికీ ఒకటే. కొసరుగా ఒక నవ్వు బొమ్మ కూడా. ఆ రోజు అతని ప్రశ్న పూర్తిగా చదివిందో లేదో కూడా ఆమెకు గుర్తులేదు. ధర అన్న మాట కనిపించింది, వేలు దానంతటదే నొక్కింది.

"ఇది చూపించినాకనే అమ్మ నోరు గట్టిపడింది," అన్నాడు వినోద్. "అంగడోళ్లే చెప్తా ఉండారు, ఇంక ఆమె మాటేందని."

"కాసేపు కూర్చోండి. ఇంకో పెట్టె పోయిందో లేదో ముందు చూస్తాను."

ఆమె కంప్యూటర్లో రోజారమణి ఆర్డరు తెరిచింది. రోజూ ఆమె చూసేది సరుకు పేరూ, చిరునామా, ఫోన్ నంబరే. పార్శిల్ కట్టే చీటీ మీద ధరలుండవు. డబ్బు వైపు చూసే పని జయకుమార్‌ది. ఈసారి పేజీని కిందిదాకా జరిపింది. చిరునామా ఒక్కటే, కామాక్షి ఇల్లు. గూడూరు లేదు. వస్తువులు నాలుగే. కట్టిన మొత్తం పది దినార్ల తొమ్మిదివందల అరవై ఫిల్సులు.

దినారంటే వెయ్యి ఫిల్సులు, ఆ రోజు రెండువందల ఎనభై అయిదు రూపాయలు. ఫేబీ ఫోన్లో గుణించింది. మూడువేల నూట ఇరవై మూడు. మళ్లీ గుణించింది. అదే. మూడు రూపాయలు అటూ ఇటూగా రోజారమణి చెప్పిన అంకె నిజం.

ఒక్కో వస్తువునీ విడిగా చూసింది. బ్యాగు, రెండు దినార్ల తొమ్మిదివందల తొంభై. బూట్లు, మూడు తొమ్మిదివందల తొంభై. పాలపొడి, ఒకటి తొమ్మిదివందల తొంభై. పుస్తకాలు, ఒకటి తొమ్మిదివందల తొంభై. అన్నీ తొంభైలే. అప్పుడు అర్థమైంది, ఇది ఎవరు చేసిన పనో.

రెండేళ్ల కిందటి దాకా సైటులో రూపాయలే ఉండేవి. కువైట్ నుంచి కొనేవాళ్లకు తమ డబ్బులో ఎంతవుతుందో తెలిసేది కాదు. కట్టాక వాళ్ల బ్యాంకు తన రేటుతో మార్చి, విదేశీ కొనుగోలని పైన రుసుము వేసి, నాలుగు రోజుల తర్వాత వేరే అంకె కోసేది. భయపడి సగంలో వదిలేసేవాళ్లు. అందుకని సైటుకు కొత్త ఏర్పాటు పెట్టారు. పేజీ తెరిచిన ఫోన్ ఏ దేశంలో ఉందో సైటే కనిపెడుతుంది. ఇండియా అయితే రూపాయలు, అమెరికా అయితే డాలర్లు, కువైట్ అయితే దినార్లు. ఆనాటి మారకం రేటుతో తనే మార్చి చూపుతుంది. చూపడమే కాదు, కార్డు నుంచి కోసేది కూడా ఆ డబ్బులోనే, చూపినంతే. బ్యాంకు మళ్లీ మార్చే పని లేదు. దినార్లు అందుకున్న చెల్లింపుల కంపెనీ వాటిని రూపాయలుగా మార్చి, తన రుసుము తీసుకుని, అంగడి ఖాతాలో వేస్తుంది. మంచి ఏర్పాటు. అది పెట్టిన రోజు ఫేబీ గర్వపడింది కూడా.

అయితే మార్చిన అంకెలు వంకరటింకరగా వస్తాయి. ఏడు డాలర్ల పదమూడు సెంట్లు, పది డాలర్ల ఇరవైమూడు. "పెద్ద అంగళ్లలో తొంభైతొమ్మిదితో ఉంటుంది గదా, అట్ట పెట్టు," అన్నాడు జయకుమార్. సైటులో దానికి ఒక అమరిక ఉంది. ఏ ధరనైనా పై అంకెకు లాగి, అందులోంచి కాస్త తగ్గించి చూపుతుంది. ఏడు పదమూడు ఎనిమిదై, ఏడు తొంభైతొమ్మిదిగా నిలుస్తుంది. ఫేబీ డాలర్లలో పెట్టి చూసింది. ముద్దుగా ఉంది. అన్ని డబ్బులకూ అదే టిక్కు పెట్టి, టీ తాగడానికి వెళ్లింది.

డాలరంటే ఎనభై ఏడు రూపాయలు. పై అంకెకు లాగితే అమెరికావాడి మీద పడేది మహా అయితే ఎనభై అయిదు. దినారంటే రెండువందల ఎనభై అయిదు. బ్యాగు అసలు ధర రెండు దినార్ల నూట డెబ్బై అయిదు ఫిల్సులు. దాన్ని మూడుకు లాగి పది ఫిల్సులు తగ్గిస్తే రెండు తొమ్మిదివందల తొంభై. అక్కడికే రెండువందల ముప్పై రూపాయల పైన దెబ్బ. అదీ ఒక్కసారి కాదు, బుట్టలో వేసిన ప్రతి వస్తువు మీదా. మూడువందల రూపాయల పుస్తకాలకు అయిదువందల అరవై ఏడు. అమెరికాలో ఇంజనీరు ఇంట్లో కూర్చుని కొంటే కాస్త వడ్డింపు, ఆ ఇంజనీరు లాంటి వాళ్ల ఇంట్లో గిన్నెలు తోమే మనిషి కొంటే నిలువు దోపిడీ. ఏ దయ్యం కూర్చుని కనిపెట్టినా ఇంతకంటే అన్యాయంగా కనిపెట్టలేదు. కానీ దయ్యం కాదు, తనే. టీ చల్లారిపోతుందని తొందరపడింది.

ఆమె లేచి వెనక గదిలోకి వెళ్లింది. జయకుమార్ బియ్యం సంచుల మధ్య స్టూలు మీద కూర్చుని అట్టపెట్టెలకు చీటీలు అంటిస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే చర్చి సంఘం. ఆదివారం చందా పట్టే సంచీ తిప్పేది ఆయనే.

"సార్, కువైట్ వాళ్లకు ధర ఎక్కువ పడుతోంది. చాలా ఎక్కువ."

ఆయన తలెత్తలేదు. "తెలుసు."

ఫేబీ తను సరిగా వినలేదనుకుంది. "ఏం తెలుసు?"

"బ్యాంకులో పడే డబ్బు చూసేది నేనే గదమ్మా. దినార్లవి ఎప్పుడూ ఎక్కువే వస్తాయి. తొంభై పెట్టింది నువ్వే గదా, తెలీదా నీకు?"

"నాకు తెలీదు సార్. మీకు తెలిసి రెండేళ్లు ఊరుకున్నారా?"

"ఏం చెయ్యమంటావు?" ఆయన నిదానంగా చీటీ అంటించి బొటనవేలితో రుద్దాడు. "మనమేం దాచినామా? పేజీ మీద పెద్ద అక్షరాల్లో ఉంది, రెండు తొమ్మిదివందల తొంభై అని. చూసినారు, నచ్చింది, నొక్కినారు. చూపించిన దానికంటే ఒక ఫిల్సు ఎక్కువ కొయ్యలా. అంగట్లో ఎవడి ధర వాడిది. ఇష్టం లేకపోతే కొనరు."

"దేశానికొక ధర పెట్టుకోవచ్చు సార్, కాదనలా. పెట్టుకుని అందరికీ ఒకటే అని చెప్తా ఉండాం గదా. నా చేత చెప్పిస్తా ఉండారు గదా రెండేళ్లుగా."

"అది ఊరికే ఒక మాట."

ఆ ఊరికే మాట పట్టుకునే ముందు గదిలో ఇద్దరు కూర్చున్నారని ఫేబీ చెప్పింది. వినోద్, నాగులమ్మ, ఎల్లుండి పెద్దలు, మూడు వారాలుగా తల్లి గొంతు వినని పిల్ల, అన్నీ చెప్పింది. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది.

జయకుమార్ అంతా విని, "కాగితం ఇచ్చి పంపించు," అన్నాడు. "బ్యాగు ఆరువందల ఇరవై అని రాయి. అందులో అబద్ధమేముంది? మన ధర ఆరువందల ఇరవయ్యే గదా."

"ఆమె మీద దొంగతనం మోపుతా ఉండారు సార్."

"మొగుడూ పెళ్లాల గొడవ. మన నెత్తికి చుట్టుకుంటావా? ఇది బయటికొస్తే కువైట్‌లో మనకుండే మూడువందల మందీ రేపు పొద్దునకల్లా ఫోన్లు చేస్తారు, వెనక్కి ఇమ్మని. యాడ్నుంచి తెచ్చేది?" ఆయన గొంతు తగ్గించాడు. "మీ నాన్న ఆపరేషన్‌కు నేను ఒక మాటన్నానా? అడిగిన రోజే తెచ్చిచ్చినాను. అది గుర్తుపెట్టుకో."

గుర్తుంది. ఆమె తండ్రి జడ్సన్ నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు జయకుమార్ అడగ్గానే డబ్బు అప్పుగా తెచ్చిచ్చిన మాట నిజమే. ఆయన ఆ మాట ఎత్తకుండా ఉండి ఉంటే ఫేబీ ఇంకొక్క నిమిషం తటపటాయించేదేమో. ఎత్తేసరికి ఒళ్లు భగ్గుమంది. ఆ డబ్బు ఎవరిదో ఇప్పుడామెకు తెలిసింది. పాచిపని చేసుకునేవాళ్ల పాలపొడి మీద లాగిన డబ్బు అది. తన తండ్రికి కుట్లు పడింది దానితోనే. ఆమె బల్ల మీది అంగడి కాగితం ఒకటీ, సీలూ తీసుకుని ముందు గదిలోకి వచ్చింది.

వినోద్ ఆ సీలు చూసి కుదుటపడ్డాడు. "రాయండి మేడమ్."

"రాస్తా. ముందు నీ ఫోన్ తీయన్నా. మా సైటు తెరువు. బ్యాగు చూపించు."

తెరిచాడు. ఆరువందల ఇరవై.

"ఇప్పుడు కిందికి జరుపు. ఇంకా. అట్టడుగుకు. ఇండియా అని ఉండాది చూడు. దాన్ని నొక్కి కువైట్ పెట్టు."

ఎనిమిది నెలల లెక్కలు కూడినవాడు పేజీ అడుగుదాకా ఒక్కసారీ జరపలేదు. నొక్కాడు. పేజీ ఒకసారి తెల్లబడి మళ్లీ వచ్చింది. బ్యాగు అదే, రంగు అదే. కింద రెండు తొమ్మిదివందల తొంభై.

"ఇదీ నీ భార్యకు కనిపించే ధర. ఆమె ఫోన్ కువైట్‌లో ఉండాది కాబట్టి ఆమెకు నువ్వు చూసే రూపాయలు కనపడవు. నీకు ఆమె చూసే దినార్లు కనపడవు. దీన్ని రెండువందల ఎనభై అయిదుతో గుణించు."

గుణించాడు. ఎనిమిదివందల యాభై రెండు. అతని నుదురు ముడిపడింది. నాగులమ్మ కొడుకు మొహం చూసి, "ఏందిరా?" అంది.

"మా లెక్క తప్పు పెద్దమ్మా," అంది ఫేబీ. "నీ కోడలి లెక్క సరిగ్గానే ఉండాది. మేము ఆమె దగ్గర ఎక్కువ తీసుకున్నాం. రెండో పెట్టె లేదు. గూడూరుకు ఒక్క చీపురుపుల్ల కూడా పోలేదు."

వినోద్ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. "ఇదంతా ఇప్పుడు లోపలికి పోయి మార్చొచ్చినారేమో. ఆమె మీకు ఫోన్ చేసి చెప్పిందా, ఇట్ట చెప్పమని? ఆడోళ్లంతా ఒకటే."

మూడు వారాల కిందట ఇదే అంగడి పంపిన ఒక్క ముక్కను వేదవాక్కులా నమ్మినవాడు, ఇప్పుడు కళ్లెదుట కనిపిస్తున్నది నమ్మడట. అంగడి మాట పెళ్లానికి ఎదురుగా ఉన్నంతసేపే అతనికి సాక్ష్యం. ఫేబీకి ఆ ఫోన్ తీసి అతని నెత్తిన కొట్టాలనిపించింది.

"అయితే ఆమెకే ఫోన్ చెయ్. ఇక్కడే, నా ఎదురుగా. స్పీకర్లో పెట్టు."

"ఆమెతో మాటల్లేవు."

"నువ్వు మాట్లాడొద్దులే. నేను మాట్లాడతా."

నాగులమ్మే, "చెయ్‌రా, చేస్తే ఏమైపోతాది, దాని బండారం బయటపడనీ," అంది. అతను చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది అవతల మనిషి.

"కామాక్షికి బాలేదా?" అన్నదే ఆమె మొదటి మాట. లోగొంతుకతో అంది. వెనక కుళాయి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"పాప బాగుండాది తల్లీ, బడికి పోయింది. నేను 'మీ గడప' అంగడి నుంచి ఫేబీని. మీ ఆయనా, మీ అత్తా ఇక్కడే ఉండారు, వింటా ఉండారు. ఒక్క పని చెయ్. నీ ఫోన్లో మా సైటు తెరిచి బడి బ్యాగు ధర ఎంతుందో చదువు."

కుళాయి కట్టేసిన చప్పుడు. "చెయ్యి తడిగా ఉండాదక్కా, ఉండండి." కాసేపటికి, "రెండు తొమ్మిదివందల తొంభై," అంది.

"అది అట్టే పెట్టుకో."

ఫేబీ కంప్యూటరు ముందు కూర్చుంది. వెనక గది గుమ్మంలో జయకుమార్ వచ్చి నిలబడ్డాడు. "ఫేబీ," అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. దినారు అమరిక తెరిచింది. పై అంకెకు లాగడం అన్నచోట టిక్కు తీసేసింది. పది ఫిల్సుల తగ్గింపూ తీసేసింది. భద్రపరిచింది. రెండేళ్ల కిందట పెట్టడానికి ఎంతసేపు పట్టిందో తీయడానికీ అంతే పట్టింది.

"ఇప్పుడు పేజీని మళ్లీ తెరువు తల్లీ. ఎంతుండాది?"

అటువైపు వేలితో తెరను తట్టిన చప్పుడు వినిపించింది.

"తెరుచుకుందా?"

"తెరుచుకుంది. రెండు నూట డెబ్బై అయిదు అని ఉండాది," అంది రోజారమణి. "ఏందక్కా ఇది?"

వినోద్ తన ఫోన్లో గుణించాల్సిన పని లేకపోయింది. ఫేబీ కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. ఆరువందల పంతొమ్మిది రూపాయల ఎనభై ఎనిమిది పైసలు. నాగులమ్మకు చదువు రాదు. కొడుకు మొహం మాత్రం చదవగలదు. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫేబీ అటువైపు మనిషికి జరిగింది జరిగినట్టు చెప్పింది. అంకెను పైకి లాగే టిక్కు తను పెట్టానంది. మీ ఆయన అడిగితే ధర ఒకటే అని రాసిందీ తనేనంది. తెలిసి చెయ్యలేదు తల్లీ అనబోయి ఆగిపోయింది. ఆ ముక్క వల్ల అవతల మనిషికి ఒరిగేదేమీ లేదు.

"నాకొక్కదానికేనా అక్కా?"

"కాదు. కువైట్ నుంచి కొన్న వాళ్లందరికీ. మూడువందల మందికి."

జయకుమార్ గొంతు సవరించుకున్నాడు. "ఆ ఫోన్ పెట్టెయ్యమ్మా ముందు," అన్నాడు. ఎవరూ పెట్టలేదు.

"రమణీ," అన్నాడు వినోద్, నేల చూస్తూ. "తెలీక..."

"నువ్వు ఉండు," అంది రోజారమణి. అరవలేదు. అరిస్తే పక్కగదిలో యజమానురాలు లేస్తుంది. "ఎనిమిది నెలలు చెప్పినాను. బ్యాంకు మెసేజీ పెట్టినాను. ఒట్టు పెట్టినాను, నా బిడ్డ మీద. నమ్మలా. ఈ రోజు అంగడామె చెప్పింది, నమ్మినావు. ఇంతకు ముందు అంగడామె అబద్ధం చెప్పింది, అదీ నమ్మినావు. నేనే గదా నీకు ఎవరూ కానిది."

వినోద్ తను రాసుకొచ్చిన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కాగితం రాస్తా ఉండాను తల్లీ," అంది ఫేబీ తొందరగా. "ఎల్లుండి పెద్దల ముందర పెట్టేదానికి. సీలేసి ఇస్తాను. రోజారమణి ఒక్క పైసా కూడా దాచలేదు అని రాస్తాను." అంటూనే రాయడం మొదలుపెట్టింది. పేరు రాసింది, ఒక్క పైసా అని రాసింది.

"అట్ట రాయొద్దక్కా."

ఫేబీ పెన్ను ఆగింది.

"నేను దాచలేదని మీరు రాసేదేంది? దాచినానో లేదో చెప్పేదానికి మీరెవురు? నా కష్టం నేను ఎవురికి పెట్టుకున్నా అది నా ఇష్టం, మా అమ్మకు పంపుకున్నా సరే. అది రాయొద్దు. మీరు తీసుకున్నారని రాయండి. ఎవురెవురి దగ్గర ఎంత తీసుకున్నారో రాయండి. ఆ కాగితం మా ఆయన చేతికియ్యొద్దు. మా అత్తకియ్యండి. ఊరందరికీ నన్ను దొంగని చెప్పింది ఆమే, ఊరందరి ముందరా ఆమే చదివించాల. సాయంత్రం కామాక్షి బడి నుంచి రాంగానే నాకు ఫోన్ చేయించమనండి. నాకిక్కడ పనుంది."

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ కుళాయి తిప్పుకుని ఉంటుంది. నాగులమ్మ కుర్చీలోంచి కదల్లేదు.

"ఆ సీలు నాది ఫేబీ," అన్నాడు జయకుమార్ గుమ్మంలోంచి. "అది పడిందంటే నువ్వింక ఇక్కడ లేనట్టే. మీ నాన్నకిచ్చింది కూడా రేపే కట్టాల."

"కడతాను. మీకు కాదు, వాళ్లకు," అంది ఫేబీ.

ఆమె రాసిన కాగితం చించేసి ఇంకోటి తీసుకుంది. ఈసారి పైసా దాచలేదని రాయలేదు. 'మేము తీసుకున్నాము' అని మొదలుపెట్టి, బ్యాగు మీద ఎంత, బూట్ల మీద ఎంత, పాలపొడి మీద ఎంత, పుస్తకాల మీద ఎంత అన్నది వరసగా రాసింది. రోజారమణి ఒక్కతే కాదు, ఆమె లాంటివాళ్లు మూడువందల మంది ఉన్నారని రాసింది. కింద తన పేరు రాసి, సీలేసి, నాగులమ్మ చేతిలో పెట్టింది. ఆ ముసలామె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏం రాసుండాదో చదవమని కొడుకును అడిగింది. వినోద్ చదవలేకపోయాడు.